9 వచ్చాక కూడా రేటు ఎందుకు ఎక్కుతుంది? సెటప్, కౌంట్‌డౌన్ లెక్క: 2020 నిఫ్టీ పతనం మీద పెట్టి చూస్తే

ప్రశ్న: "అన్నా, మాది ప్రొద్దుటూరు. ఎంసీఎక్స్ గోల్డ్ మినీ డైలీ చార్ట్‌లో పైన 9 పడిందని ఒక లాట్ షార్ట్ చేసినా. ఒక్కరోజు దిగింది, మళ్లీ ఎక్కడం మొదలుపెట్టింది. 10, 11, 12 అయినాయి, ఇంకా ఎక్కుతానే ఉంది. స్టాప్‌లాస్ పెట్టలేదు. టెన్షన్ తట్టుకోలేక నష్టానికే బయటికొచ్చినా. ఇప్పుడు 13 వస్తే మళ్లీ షార్ట్ చేయొచ్చా? 9 అంటే ట్రెండ్ అయిపోయినట్టే అని అందరూ చెప్తారు కదా?"

సమాధానం:

తమ్ముడూ, ముందు ఒక్క మాట. నువ్వు ఎదురుచూస్తున్న 13, ఈ టీడీ సీక్వెన్షియల్ పద్ధతిలో చెప్పే 13 రెండూ ఒకటి కావు. నీ చార్ట్‌లో 9 తర్వాత 10, 11, 12 అని పడుతున్నవి సెటప్ అంకెలే ఇంకా సాగుతున్నాయన్నమాట. అవి 13కి చేరినా, 15కి చేరినా ప్రత్యేకమైన అర్థం లేదు. అసలు 13 కౌంట్‌డౌన్‌ది. దాని లెక్క వేరు, నిబంధన వేరు. అది 9వ రోజు నుంచి కొత్తగా ఒకటితో మొదలవుతుంది. చాలామంది దెబ్బ తినేది ఈ చిన్న తేడా దగ్గరే. అందుకే 13 వస్తే షార్ట్ చేయొచ్చా అన్న నీ ప్రశ్నకు, ఆ లెక్క మీద మాత్రం వద్దు అని ముందే చెప్తున్నా.

ఈ పద్ధతి అమెరికాకు చెందిన టామ్ డిమార్క్‌ది. సెటప్ లెక్క చాలా సులువు. ఈరోజు క్లోజింగ్, నాలుగు క్యాండిళ్ల వెనకటి క్లోజింగ్ కంటే ఎక్కువగా ఉంటే ఒక అంకె. చార్ట్ భాషలో `close > close[4]`. ఇలా వరసగా, మధ్యలో ఒక్కరోజు కూడా తప్పకుండా 9 సార్లు జరిగితే ఎక్కే వైపు సెటప్ పూర్తయినట్టు. ఒక్కరోజు తప్పినా లెక్క చెరిపేసి మళ్లీ ఒకటి నుంచి. దిగే వైపు దీనికి తలకిందులు, `close < close[4]`. మొదటి అంకె పడే ముందు రోజు లెక్క ఎదురు దిక్కులో ఉండాలి. దాన్ని ఫ్లిప్ అంటారు.

ఇప్పుడు ఈ నిబంధనను కాస్త నిదానంగా చూడు. ఇందులో ఎంత ఎక్కింది అన్న మాటే లేదు. నాలుగు రోజుల వెనకటి రేటు కంటే పది రూపాయలు ఎక్కువున్నా ఒక అంకే, రెండు వేలు ఎక్కువున్నా ఒక అంకే. అంటే 9 చెప్తున్నది ఒక్కటే: తొమ్మిది రోజులుగా రేటు ఒకే దిక్కులో పోతోంది. మామూలు మార్కెట్‌లో, అంటే ఒక పరిధిలో పైకీ కిందికీ తిరిగే మార్కెట్‌లో, తొమ్మిది రోజులు ఒకే దిక్కు అంటే ఎక్కువే. అక్కడ కొన్నవాళ్లు లాభం తీసుకుంటారు, రేటు ఒకటి నుంచి నాలుగు రోజులు ఆగుతుంది, లేదా వెనక్కి వస్తుంది. గట్టి ట్రెండ్‌లో మాత్రం తొమ్మిది రోజులు ఒకే దిక్కు అన్నది ట్రెండ్‌కు గుర్తే తప్ప అలసటకు గుర్తు కాదు. ఒకటే అంకె, రెండు చోట్లా రెండు అర్థాలు. ఏ చోటులో ఉన్నామో ఆ అంకె తనంతట తాను చెప్పలేదు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మాది అనంతపురం. 2020లో నేనూ నీలాగే 9ని నమ్మి పోగొట్టుకున్నా, నీకు రివర్స్‌లో. నువ్వు ఎక్కేదాన్ని షార్ట్ చేసినావు, నేను దిగేదాన్ని కొన్నా. అప్పటి నిఫ్టీ క్లోజింగులు నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో రాసుకున్న పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఒక కాలమ్‌లో క్లోజింగ్, పక్క కాలమ్‌లో సెటప్ అంకె, దాని పక్కన కౌంట్‌డౌన్ అంకె. ఆ పేజీనే నీకు చదివి వినిపిస్తా. ఈ పద్ధతి ఎక్కడ పనిచేసిందో, ఎక్కడ చేయలేదో రెండూ అందులో ఉన్నాయి.

2020 ఫిబ్రవరి 17న నిఫ్టీ 12045 దగ్గర క్లోజైంది. నాలుగు సెషన్ల వెనక, 11వ తేదీన, 12107. తక్కువ కాబట్టి దిగే వైపు 1. ముందు రోజు లెక్క ఎక్కే వైపు ఉంది కాబట్టి ఫ్లిప్ కూడా సరిపోయింది. 19న మార్కెట్ 130 పాయింట్లకు పైగా ఎక్కి 12125 అయింది. అయినా 13వ తేదీ నాటి 12174 కంటే తక్కువే, కాబట్టి లెక్క చెడలేదు, 3 పడింది. 21న శివరాత్రి సెలవు. 24 నుంచి కరోనా భయం మొదలై 5, 6, 7, 8 వరసగా పడ్డాయి. ఫిబ్రవరి 28 శుక్రవారం నిఫ్టీ ఒక్కరోజే 430 పాయింట్లు పడి 11201 దగ్గర ముగిసింది. 9 పూర్తి. పైగా అది పర్ఫెక్ట్ అయిన 9. అంటే 8వ రోజు గానీ 9వ రోజు గానీ కనిష్ఠం, 6, 7 రోజుల కనిష్ఠాల కంటే కిందికి పోవాలన్న షరతు కూడా తీరింది. చార్ట్ చూసినవాళ్లకు ఇంతకంటే అందమైన 9 దొరకదు.

నేను ఆ సాయంత్రం క్లోజింగ్ ముందు ఒక లాట్ ఫ్యూచర్స్ కొన్నా. అప్పుడు లాట్ 75. సోమవారం మార్చి 2న నిఫ్టీ పైకి లేచి ఒక దశలో 11430 దాటింది. పదిహేడు వేల లాభం కనిపించింది. తీసుకోలేదు, ట్రెండ్ తిరిగిందనుకున్నా. ఆ రోజు సాయంత్రానికే మొత్తం పోయి 11132కి వచ్చింది. మర్నాడు 11303, తర్వాత 11251, మార్చి 5న 11269. ఆ రోజు ఫిబ్రవరి 28 క్లోజింగ్ కంటే ఎక్కువ కాబట్టి దిగే లెక్క తెగింది, ఫ్లిప్ కూడా వచ్చింది. నీకు జరిగిందీ ఇదే చూడు. నీకు ఒక రోజు దిగి మళ్లీ ఎక్కింది, నాకు నాలుగు రోజులు ఆగి మళ్లీ పడింది. 9 ఇవ్వగలిగింది ఇచ్చేసింది. ఒకటి నుంచి నాలుగు రోజుల ఊపిరి, అంతే. మిగతాది నేను ఊహించుకున్నా.

మార్చి 6న 10989, 9న 10451. ఇక్కడ డిమార్క్ చెప్పిన రిస్క్ లెవల్ లెక్క చూద్దాం, ఎందుకంటే నువ్వూ నేనూ ఇద్దరం వదిలేసింది దీన్నే. సెటప్‌లో అన్నిటికంటే కిందికి పోయిన క్యాండిల్ తీసుకో. దాని ట్రూ రేంజ్, అంటే గ్యాప్‌తో సహా ఆ రోజు కదలిక, ఎంతో చూడు. అంత దూరాన్ని కనిష్ఠం నుంచి తీసెయ్. ఫిబ్రవరి 28 కనిష్ఠం సుమారు 11175, ముందు రోజు క్లోజింగ్ 11633, తేడా 458. కాబట్టి రిస్క్ లెవల్ 10717 దగ్గర. 11201కి కొన్నవాడు అక్కడ బయటికొస్తే నష్టం 485 పాయింట్లు, 75 లాట్‌కు ముప్పైఆరు వేల చిల్లర. మార్చి 9న ఆ లెవల్ కింద క్లోజైంది. నేను బయటికి రాలేదు. మార్చి 12న 9590 దగ్గర చేతులెత్తేసి అమ్మేసినప్పుడు పోయింది లక్షా ఇరవై వేలు. పొలంలో బోరు వేయించడానికి దాచిన డబ్బు అది. పద్ధతి తప్పినందుకు ముప్పైఆరు వేలు, ఆ తప్పును నేను ఒప్పుకోనందుకు ఎనభై నాలుగు వేలు. ఈ రెండు ఖాతాలు విడివిడిగా రాసుకోవాలి, నీ గోల్డ్ మినీకి కూడా. అందులో లాట్ వంద గ్రాములు, రేటు పది గ్రాములకు. కాబట్టి రేటు వెయ్యి ఎక్కితే నీకు పదివేలు పోయినట్టు.

ఇప్పుడు కౌంట్‌డౌన్. సెటప్ 9 పూర్తయిన రోజు నుంచి ఇది మొదలవుతుంది. దిగే వైపు అయితే ఈరోజు క్లోజింగ్, రెండు క్యాండిళ్ల వెనకటి కనిష్ఠం కంటే తక్కువగా గానీ సమానంగా గానీ ఉండాలి: `close <= low[2]`. నీలాంటి ఎక్కే కేసులో రెండు క్యాండిళ్ల వెనకటి గరిష్ఠంతో పోల్చాలి: `close >= high[2]`. ఇవి వరసగా రానక్కర్లేదు. షరతు తీరిన రోజున అంకె వేస్తాం, తీరని రోజును వదిలేస్తాం, చెరపం. 13 అంకెలు పూర్తవ్వాలి. ఆ పదమూడో రోజుకు ఇంకో షరతు ఉంది: దిగే వైపు అయితే ఆ రోజు కనిష్ఠం, కౌంట్‌డౌన్ 8వ రోజు క్లోజింగ్ కంటే పైన ఉండకూడదు. ఉంటే 13ను వాయిదా వేస్తారు. సెటప్ ఊపును కొలుస్తుంది, కౌంట్‌డౌన్ ఆ ఊపు అరిగేదాకా ఎదురుచూస్తుంది. ఉద్దేశం అదీ.

నా పేజీలో మూడో కాలమ్ ఇలా ఉంది. ఫిబ్రవరి 28న 1, మార్చి 2న 2. ఆ తర్వాత మూడు రోజులు ఖాళీ, ఎందుకంటే మార్కెట్ ఆగింది. మార్చి 6న 3, అక్కడి నుంచి 16 దాకా హోలీ సెలవు మినహా ప్రతి సెషన్‌లో ఒక అంకె. 16న 9197 దగ్గర 8 పడింది. మార్చి 17న నిఫ్టీ ఇంకా పడి 8967 అయినా అంకె పడలేదు. ఎందుకో చూడు, పద్ధతి లోపలి పని ఇక్కడ కనిపిస్తుంది. రెండు సెషన్ల వెనక, 13వ తేదీ ఉదయం లోయర్ సర్క్యూట్ పడి ట్రేడింగ్ 45 నిమిషాలు ఆగింది. ఆ రోజు కనిష్ఠం 8555. ఆ రోజే మార్కెట్ తిరిగి లేచి 9955కి క్లోజైంది. 17వ తేదీ 8967, ఆ 8555 కంటే పైనే ఉంది కాబట్టి లెక్కకు రాలేదు. 18, 19 తేదీల్లో 9, 10. 20న పైకి లేచింది, అంకె లేదు. 23న ఒక్కరోజులో దాదాపు 13 శాతం పడి 7610. ఆ రోజు 11. మార్చి 24న 12.

24వ తేదీ తాకిన 7511 ఆ పతనానికి అడుగు. అంటే 9 నమ్మి కొన్నవాడు మూడున్నర వేల పాయింట్ల పైన కొన్నాడు. 13 కోసం కూర్చున్నవాడికి అడుగు పడే వేళకు 12 మాత్రమే కనిపించింది. నా లెక్క ప్రకారం 13 మార్చి 30న, 8281 దగ్గర వచ్చింది. అప్పటికి నిఫ్టీ అడుగు నుంచి 8660 క్లోజింగ్ దాకా లేచి కాస్త వెనక్కి దిగుతోంది. ఆ 13 చెడ్డదేం కాదు, ఏప్రిల్‌లో మార్కెట్ పైకే పోయింది. కానీ 13 అంటే కచ్చితంగా అడుగు అని అనుకుంటే, ఆ ఆశ ఇక్కడ తీరలేదు.

ఇంకో చిక్కు. మార్చి 6 నుంచి దిగే వైపు రెండో సెటప్ మొదలై 19న 8263 దగ్గర రెండో 9 పూర్తయింది. కౌంట్‌డౌన్ నడుస్తుండగా అదే దిక్కులో కొత్త 9 వస్తే పాత కౌంట్‌డౌన్ చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాలా అన్నది ఒక పెద్ద ప్రశ్న. దీన్ని రీసైకిల్ అంటారు. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఎప్పుడూ చెరిపేస్తాయి, కొన్ని రెండు సెటప్‌ల పరిధి ఎంతో పోల్చి చెరపాలో లేదో చూస్తాయి, కొన్ని అసలు పట్టించుకోవు. చెరిపేసే సెట్టింగ్‌లో చూస్తే మార్చి 30న 13 ఉండనే ఉండదు, లెక్క ఇంకా చిన్న అంకెల్లోనే ఉంటుంది. కాబట్టి నీ స్నేహితుడి స్క్రీన్ మీద 13 పడి నీ స్క్రీన్ మీద పడకపోతే ఇద్దరిలో ఒకరిది తప్పని కాదు, సెట్టింగ్ వేరు. గట్టి ట్రెండ్‌లోనే 9 మీద 9 వస్తుంది. అంటే పద్ధతి మన నుంచి ఎక్కువ నిర్ణయాలు అడిగేది సరిగ్గా అది తక్కువగా పనిచేసే చోట.

ఆ రెండో 9 మాత్రం నిలబడింది. మార్చి 19 కనిష్ఠం 7832, ఆ రోజు ట్రూ రేంజ్ సుమారు 743, కాబట్టి రిస్క్ లెవల్ 7090 దగ్గర. 7511 దాకా పడినా అది తెగలేదు. 25న 8317 క్లోజింగ్‌తో ఫ్లిప్ వచ్చింది. వినడానికి బాగుంది. కానీ 8263కి కొన్నవాడు 7090 దాకా ఓర్చుకోవాలంటే 1170 పాయింట్లు, లాట్‌కు దాదాపు ఎనభై ఎనిమిది వేలు సిద్ధంగా పెట్టుకోవాలి. కొన్న రెండో సెషన్‌లోనే 650 పాయింట్ల నష్టం చూసి కదలకుండా కూర్చోవాలి. నా అభిప్రాయంలో మనలాంటి చిన్న ఖాతాకు ఆ ట్రేడ్ సరిపోదు, లెక్క సరైనదైనా సరే. రేంజ్ అంత పెద్దదయ్యాక ఫ్యూచర్స్ వదిలేసి పుట్ గానీ కాల్ గానీ కొని నష్టాన్ని ప్రీమియం దగ్గరే ఆపేయడమో, అసలు దూరంగా ఉండడమో చేయాలి.

ఇక నీ బంగారం సంగతి. ఈ పద్ధతిలోనే ట్రెండ్ బలం చూసే ఒక గీత ఉంది, టీడీఎస్‌టీ అంటారు. ఎక్కేదాన్ని షార్ట్ చేసేముందు, అంతకుముందు వచ్చిన దిగే సెటప్ చూడు. దానిలోని అత్యధిక గరిష్ఠం దగ్గర, మామూలుగా అది మొదటి క్యాండిల్‌లోనే ఉంటుంది, అక్కడ ఒక గీత గియ్యి. ఎక్కే 9 పూర్తయ్యేనాటికి క్లోజింగులన్నీ ఆ గీత కిందే ఉంటే, పైన అడ్డు ఉంది, 9కి విలువ ఉంది. గీత దాటి పైన క్లోజైతే ఆ 9ని షార్ట్ చేయకూడదు, రేటు కౌంట్‌డౌన్ దాకా సాగే అవకాశమే ఎక్కువ. ఇప్పుడు ఆలోచించు: రేటు ఎప్పుడూ లేనంత పైన ఉన్నప్పుడు వెనకటి గీతలన్నీ దాని కిందే ఉంటాయి. అడ్డుగీతే లేని చోట నువ్వు 9ని షార్ట్ చేసినావు. మీ ఊరి బజారులో రోజూ కొత్త రికార్డు రేటు అనుకునే రోజుల్లో డైలీ 9 షార్ట్‌కు పనికిరాదని నేను గట్టిగా నమ్ముతున్నా.

వీక్లీ చార్ట్‌లో అంకె ఎంతో కూడా చూడు. డైలీలో 9 ఉండి వీక్లీలో 3 లేదా 4 ఉంటే పెద్ద దిక్కు ఇప్పుడే మొదలైందన్నమాట. ఇంకో చిన్న విషయం, రాత్రి మార్కెట్ మూసేదాకా ఆ రోజు అంకె ఖాయం కాదు. సాయంత్రం ఏడింటికి 9 కనబడి, రాత్రి పదకొండున్నర దాటాక మాయమవ్వచ్చు. నెల కాంట్రాక్ట్ మారే రోజున కంటిన్యుయస్ చార్ట్‌లో వచ్చే గ్యాప్ కూడా అంకెను చెడగొడుతుంది. కాంట్రాక్ట్ మారాక ఆ ఒక్కరోజు లెక్కను చేత్తో సరిచూసుకో.

నువ్వు ఇప్పుడు చేయాల్సింది ఇది. 9 పడిన తేదీ నుంచి ఈరోజు దాకా క్లోజింగులు, గరిష్ఠాలు ఒక కాగితం మీద రాసుకో. ప్రతి రోజు క్లోజింగ్‌ను రెండు రోజుల వెనకటి గరిష్ఠంతో పోల్చి కౌంట్‌డౌన్ అంకెలు నువ్వే వెయ్. నీ అంచనాకు 13 దగ్గర పడిందనిపిస్తున్నా, సెటప్ 12 దగ్గరే ఉంటే కౌంట్‌డౌన్ 4 దాటదు. నిజంగా 13 వచ్చినప్పుడు కూడా ఆ రోజే షార్ట్ చేయకు. క్లోజింగ్ నాలుగు రోజుల వెనకటి క్లోజింగ్ కంటే తగ్గే రోజు, అంటే ఫ్లిప్ దాకా ఆగు. ఆగినంత మాత్రాన ఖాయం కాదు, నా మార్చి 5 ఫ్లిప్ మర్నాడే చచ్చిపోయింది. అందుకే ఆర్డర్ పెట్టేముందే అన్నిటికంటే పైకి పోయిన క్యాండిల్ గరిష్ఠానికి దాని ట్రూ రేంజ్ కలిపి రిస్క్ లెవల్ రాసుకో. అక్కడి దాకా నష్టం లాట్‌కు ఎన్ని వేలో లెక్కెయ్. ఆ అంకె నీ ఖాతాకు ఎక్కువనిపిస్తే ఆ ట్రేడ్ నీది కాదు.

కాగితం మీద లెక్క వేశాక నీ 9 తేదీ, ఆ రోజు క్లోజింగ్, నీకొచ్చిన కౌంట్‌డౌన్ అంకె ఇక్కడే రాయి. నా చార్ట్‌తో సరిచూసి చెప్తా.